మెగాపిక్సెల్ పెరిగితే ఫొటో షార్ప్ అవుతుందా? రంభ పడవ మీద ఒక పక్షి లెక్క

బరంపురంలో ఫొటో క్లబ్బు వాళ్ళు నలుగురు కలిస్తే చాలు, టీ రాకముందే ఒక ప్రశ్న వచ్చేస్తుంది: "అన్నా, నీ కెమెరా ఎన్ని మెగాపిక్సెల్?" జవాబులో పెద్ద అంకె వినపడితే ఆ కెమెరా ఫొటో షార్ప్‌గా ఉంటుందని అందరూ ముందే నమ్మేస్తారు. తర్వాత ఫొటోలు తెర మీద వేసి చూస్తే ఒక్కోసారి తారుమారవుతుంది. పదేళ్ళ నాటి 12 మెగాపిక్సెల్ కెమెరాతో తీసిన చక్రవాకం ఈకలు విడివిడిగా కనిపిస్తాయి, అదే పడవలో పక్కనే కూర్చుని 24 మెగాపిక్సెల్ కెమెరాతో తీసిన చక్రవాకం మాత్రం దూది ఉండలా ఉంటుంది. ఇది అదృష్టం కాదు, పాత కెమెరాలో మహిమ కూడా కాదు. దీనికి లెక్క ఉంది, ఆ లెక్క కాగితం మీద ఎవరైనా వేసుకోవచ్చు. క్లబ్బులో పావుగంటలో చెప్పుకోవడానికి సరిపోయేలా ఆ లెక్కనే ఇక్కడ విప్పి చూద్దాం.

ముందు మెగాపిక్సెల్ అంటే దేన్ని లెక్కపెడుతున్నామో చూడాలి. సెన్సర్ మీద ఎన్ని పది లక్షల గళ్ళు, అంటే పిక్సెళ్ళు, ఉన్నాయో అదే మెగాపిక్సెల్, కాబట్టి అది ఒక వైశాల్యం లెక్క. పొలం ఎన్ని సెంట్లు అన్నట్టు. కానీ కంటికి వివరం కనపడేది పొడవు లెక్కలో, ఒక వెంట్రుక పక్కన ఇంకో వెంట్రుక విడిగా కనిపిస్తోందా లేదా అన్నదే అక్కడ ప్రశ్న. 24 మెగాపిక్సెల్ ఫొటో అడ్డంగా 6000 పిక్సెళ్ళు, నిలువుగా 4000. పాత 12 మెగాపిక్సెల్ కెమెరాల్లో అడ్డంగా సుమారు 4300 ఉండేవి. మెగాపిక్సెల్ రెట్టింపయినా అడ్డం కొలత 1.4 రెట్లే పెరిగిందన్నమాట. వివరం నిజంగా రెట్టింపు కావాలంటే మెగాపిక్సెళ్ళు నాలుగు రెట్లు కావాలి, 12 కాస్తా 48 అవ్వాలి. పెట్టె మీద అంకె చూసినప్పుడు ఈ ఒక్క సంగతి గుర్తుంటే సగం భ్రమ అక్కడే పోతుంది.

మిగతా సగానికి అసలు విషయంలోకి రావాలి. పిక్సెల్ దేన్నీ సృష్టించదు, తన మీద పడిన వెలుగును కొలుస్తుంది, అంతే. ఆ వెలుగు లెన్స్ దాటి సెన్సర్ దాకా వచ్చేసరికే ఎంతో కొంత మసకగా మారి ఉంటుంది. దూరంగా ఉన్న ఒక చిన్న మెరుపు, అంటే పక్షి కంట్లో పడిన సూర్యుడి తళుకు లాంటిది, సెన్సర్ మీద ఎప్పుడూ ఒక బిందువుగా పడదు, చిన్న మచ్చగా పడుతుంది. ఆ మచ్చ ఎంత పెద్దది అన్నదే షార్ప్‌నెస్. మచ్చ పిక్సెల్ కన్నా చాలా పెద్దదైతే, పిక్సెళ్ళు ఎన్ని పెంచినా మనకు దక్కేది అదే మచ్చ, కాకపోతే దాన్ని ఇంకా సన్నటి గళ్ళ కాగితం మీద గీసినట్టు ఉంటుంది.

ఈ మచ్చను మైక్రాన్లలో కొలుద్దాం. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. క్లబ్బులో ఎక్కువమంది దగ్గరుండే ఏపీఎస్-సీ సెన్సర్ అడ్డంగా సుమారు 23.5 మిల్లీమీటర్లు ఉంటుంది, దాన్ని 6000 తో భాగిస్తే ఒక్కో పిక్సెల్ 3.9 మైక్రాన్లు. అదే సైజు సెన్సర్‌లో 12 మెగాపిక్సెల్ అయితే పిక్సెల్ 5.5 మైక్రాన్లు. ఈ రెండు అంకెలు గుర్తుపెట్టుకోండి, ఇకపై ప్రతి తప్పునూ వీటి పక్కన పెట్టి చూస్తాం.

ఇప్పుడు చిలికా సరస్సు ఒడ్డునున్న రంభ ఊరికి వెళ్దాం. చలికాలం, పొద్దున్నే చిలికాలో పడవ మీద ఉన్నాం, నలభై మీటర్ల దూరంలో ఒక చక్రవాకం నీటి మీదుగా అడ్డంగా ఎగురుతోంది. చేతిలో 300 మిల్లీమీటర్ల లెన్స్, ఎపర్చర్ f/6.3, షట్టర్ స్పీడ్ సెకనులో వెయ్యో వంతు. పక్షి సెకనుకు 10 మీటర్లు పోతోందనుకుందాం, ఇదేమీ విపరీతమైన వేగం కాదు. 300 మిల్లీమీటర్ల లెన్స్ 40 మీటర్ల దూరంలో ఉన్నదాన్ని దాదాపు 132 వంతులు తగ్గించి సెన్సర్ మీద వేస్తుంది. అంటే పక్షి అక్కడ 10 మీటర్లు కదిలితే, సెన్సర్ మీద దాని బొమ్మ సుమారు 75 మిల్లీమీటర్లు కదులుతుంది. ఇది ఒక సెకనులో. సెకనులో వెయ్యో వంతుకి 75 మైక్రాన్లు.

కెమెరాను కదలకుండా పట్టుకుని నొక్కితే పక్షి కంట్లోని తళుకు 75 మైక్రాన్ల గీతగా సాగుతుంది. 24 మెగాపిక్సెల్ కెమెరాలో అది 19 పిక్సెళ్ళ పొడవు, 12 మెగాపిక్సెల్‌లో 14 పిక్సెళ్ళు. ఇక్కడ చాలామంది 19 పెద్దది కాబట్టి కొత్త కెమెరాయే ఎక్కువ మసక చేసిందనుకుంటారు, అది కూడా పొరపాటే. రెండు కెమెరాల్లోనూ గీత 75 మైక్రాన్లే. ఆ ఫొటోను 18 అంగుళాల వెడల్పు ప్రింట్ వేస్తే సెన్సర్ బొమ్మ 19 రెట్లకు పైగా పెరుగుతుంది, గీత కాగితం మీద దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లవుతుంది. రెండు ప్రింట్లలోనూ అంతే. చేతి దూరంలో పట్టుకుని చూస్తే ఎవరికైనా కనిపించేంత మసక అది.

అదే పక్షిని ప్యానింగ్ చేస్తూ తీశారనుకోండి. పక్షి వేగంతో పాటే కెమెరాను నడుం నుంచి తిప్పుతూ, వేలు నొక్కాక కూడా తిప్పడం ఆపకుండా. వేగంలో తొంభై శాతం పట్టుకోగలిగితే మిగిలే గీత 7.5 మైక్రాన్లు, ప్రింట్‌లో 0.15 మిల్లీమీటర్లు. మామూలు చూపున్న మనిషి అర మీటరుకు కాస్త తక్కువ దూరం నుంచి విడదీసి చూడగలిగేది కూడా ఇంచుమించు అంతే. రెక్కల అంచులు పై నుంచి కిందకు ఊగుతాయి కాబట్టి అవి ఎలాగూ కొంచెం సాగుతాయి, కానీ తలా కన్నూ నిలబడతాయి.

ఇక అన్నీ కలిపి చూద్దాం. మసకలు ఒకదానిమీద ఒకటి పడినప్పుడు వాటిని నేరుగా కూడకూడదు, ఒక్కోదాన్ని వర్గం చేసి, కూడి, వర్గమూలం తీస్తే ఉజ్జాయింపుగా సరిపోతుంది. ఇది కచ్చితమైన సూత్రం కాదు, అయినా ఏ మసక మిగతావాటిని మింగేస్తోందో చెప్పడానికి చాలు. f/6.3 దగ్గర లెన్స్ వల్లనే వచ్చే కాంతి మచ్చ 8.5 మైక్రాన్లు (ఇది ఎక్కడి నుంచి వస్తుందో కిందే చెప్పుకుందాం). కెమెరా కదపకుండా తీసినప్పుడు 75, 8.5, 3.9 కలిపితే 24 మెగాపిక్సెల్ కెమెరాకు మొత్తం 75.6 మైక్రాన్లు. 12 మెగాపిక్సెల్ కెమెరాకు 3.9 బదులు 5.5 వేస్తే 75.7. మెగాపిక్సెళ్ళు రెట్టింపు చేసినందుకు దక్కిన లాభం 75.7 నుంచి 75.6 కి దిగడం! ప్యానింగ్ బాగా చేస్తే 24 మెగాపిక్సెల్‌కు 12.0, 12 మెగాపిక్సెల్‌కు 12.6. పాత కెమెరాతో ప్యానింగ్ చేసినవాడిది 12.6, కొత్త కెమెరాతో కదలకుండా నొక్కినవాడిది 75.6, అంటే ఆరు రెట్ల తేడా. క్లబ్బు తెర మీద ఈకలు కనిపించిన ఫొటోకీ దూది ఉండకీ మధ్య ఉన్నది ఈ ఆరు రెట్లే.

ఫోకస్ తప్పినా ఇదే కథ. అదే లెన్స్‌తో పక్షి మీద కాకుండా మూడు మీటర్లు వెనకున్న గడ్డి దుబ్బు మీద ఫోకస్ పడితే పక్షి మీద మచ్చ దాదాపు 25 మైక్రాన్లు, ఆరు పిక్సెళ్ళకు పైనే. పడవ మీద ఇంకో ఇబ్బంది ఇంజన్ వణుకు. పడవ అంచు మీద మోచేతులు ఆనించి తీస్తే స్థిరంగా ఉంటుందనిపిస్తుంది గానీ ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆ వణుకంతా నేరుగా లెన్స్‌లోకి ఎక్కుతుంది. పడవ నడిపే ఆయన్ని ఇంజన్ ఆపి గెడతో నెట్టమని అడగడం వల్ల వచ్చే మేలు ఏ కొత్త బాడీ కొన్నా రాదు, ఇది గట్టిగానే చెప్పాలి.

ఇప్పుడు ఆ 8.5 మైక్రాన్ల సంగతి. వెలుగు ఒక అల. సన్నటి సందులోంచి దూరినప్పుడు అది కొంచెం విచ్చుకుంటుంది, సందు ఎంత సన్నదైతే అంత ఎక్కువ విచ్చుకుంటుంది. దీన్ని వివర్తనం అంటారు, కెమెరా వాళ్ళ మాటలో డిఫ్రాక్షన్. ఎపర్చర్ కూడా ఒక సందే, f సంఖ్య పెరిగేకొద్దీ అది సన్నబడుతుంది కాబట్టి, లోపం అంటూ లేని లెన్స్ ఉన్నా సరే, బిందువు మచ్చగానే పడుతుంది. ఆ మచ్చ లెక్కను 1835 లో జార్జ్ ఎయిరీ అనే ఇంగ్లండ్ ఖగోళ శాస్త్రవేత్త కట్టాడు, నక్షత్రాలు టెలిస్కోపులో చుక్కల్లా కాకుండా చిన్న బిళ్ళల్లా ఎందుకు కనిపిస్తాయన్నది ఆయన ప్రశ్న. సూత్రం చిన్నదే: మచ్చ వ్యాసం = 2.44 × వెలుగు తరంగదైర్ఘ్యం × f సంఖ్య. ఆకుపచ్చ వెలుగుకు 0.55 మైక్రాన్లు వేసుకుంటే f/6.3 దగ్గర 8.5, f/8 దగ్గర దాదాపు 10.7, f/16 దగ్గర 21.5, f/22 దగ్గర 29.5 మైక్రాన్లు.

ఇది ఎక్కువగా దెబ్బకొట్టేది ల్యాండ్‌స్కేప్ తీసేవాళ్ళని. గోపాల్‌పూర్ బీచ్‌లో ముందున్న గవ్వల నుంచి వెనకున్న లైట్‌హౌస్ దాకా అన్నీ షార్ప్‌గా రావాలని f/22 పెడతారు. ముందూ వెనకా రెండూ ఫోకస్‌లోకి వస్తాయి, నిజమే. కానీ ఫ్రేము మొత్తం మీద సన్నటి పొర కప్పినట్టవుతుంది. f/22 దగ్గర ఎంత ఖరీదైన లెన్స్ అయినా మిల్లీమీటరుకు దాదాపు 83 జతల నలుపు తెలుపు గీతలకు మించి సెన్సర్ దాకా పంపలేదు, అంతకన్నా సన్నవి బూడిద రంగులో కలిసిపోతాయి. 83 జతలంటే 166 గీతలు, ఒక్కో గీతకు ఒక పిక్సెల్ చొప్పున 23.5 మిల్లీమీటర్ల సెన్సర్‌కు 3900 పిక్సెళ్ళ వెడల్పు చాలు, అంటే ఇంచుమించు 10 మెగాపిక్సెళ్ళు. కెమెరాలో 24 ఉన్నా 40 ఉన్నా f/22 లో వెలుగు మోసుకొచ్చే వివరం అంతకు మించదు. పైగా ఆ హద్దుకు చాలా ముందునుంచే గీతల మధ్య తేడా పలచబడుతూ వస్తుంది. ఏపీఎస్-సీ కెమెరాతో అలాంటి సీను f/8 దగ్గరో f/11 దగ్గరో పెట్టి, ఫోకస్ ముందు భాగంలో కాస్త లోపలికి వేసుకుంటే చాలావరకు పని జరుగుతుంది. అదీ చాలకపోతే ట్రైపాడ్ మీద ఒకటి దగ్గరకూ ఒకటి దూరానికీ తీసి కలుపుకోవచ్చు, అలలు కదులుతాయి కాబట్టి కలిపేచోటు ఇసుక మీద వచ్చేలా చూసుకోవాలి.

ఫోన్ల దగ్గర ఇంకో రకం మెలిక. 108 మెగాపిక్సెల్ ఫోన్ సెన్సర్ అడ్డంగా 12000 పిక్సెళ్ళు, ఒక్కోటి 0.8 మైక్రాన్లు, మొత్తం వెడల్పు 9.6 మిల్లీమీటర్లు. చిటికెన వేలి గోరంత జాగా అది. ఫోన్ లెన్స్ f/1.8 అనుకుంటే ఎయిరీ మచ్చ 2.4 మైక్రాన్లు, సరిగ్గా మూడు పిక్సెళ్ళ మీద పరుచుకుంటుంది. దీన్నిబట్టి ఆ పిక్సెళ్ళు పూర్తిగా వృథా అనలేం, మచ్చలు సగం అతుక్కున్నా విడదీసి చూడొచ్చు. కానీ అంత సన్నటి గీతలు, లోపమే లేని లెన్స్ ఉన్నా, అసలు తేడాలో నాలుగో వంతు తేడాతోనే సెన్సర్‌ను చేరతాయి. ఫోన్ లెన్స్‌లో లోపాలు లేకుండా ఉండవు, వాటితో అది ఇంకా తగ్గుతుంది. అంత చిన్న పిక్సెల్‌లో పడే వెలుగూ తక్కువే, సాయంత్రమైతే మిగిలిన ఆ కాస్త తేడా నాయిస్‌లో మునిగిపోతుంది. అందుకే ఇలాంటి ఫోన్లు చాలావరకు మామూలు మోడ్‌లో తొమ్మిదేసి పిక్సెళ్ళను ఒకటిగా కలిపి 12 మెగాపిక్సెల్ ఫొటోయే ఇస్తాయి. ఆ తొమ్మిదింటి మీదా ఒకే రంగు ఫిల్టర్ ఉంటుంది, కాబట్టి 108 మోడ్ ఆన్ చేసినా రంగు వివరం ఆ అంకెకు తగ్గట్టు రాదు, మధ్యలో లేని రంగుల్ని సాఫ్ట్‌వేర్ ఊహించి నింపుతుంది. మంచి ఎండలో కదలని గోడనో గుడి శిల్పాన్నో తీసినప్పుడు 108 మోడ్‌లో కొంత ఎక్కువ వివరం దొరుకుతుంది. దీపాల వెలుగులో పెళ్ళి ఫొటోలకు మాత్రం 12 మోడే నయం.

అలాగని మెగాపిక్సెల్ ఎందుకూ పనికిరాదని వాదించడం కూడా తప్పే. మసక మచ్చ చిన్నగా ఉన్నచోట అవి బాగా పనికొస్తాయి. మళ్ళీ మన చక్రవాకం దగ్గరకే వద్దాం. 40 మీటర్ల దూరంలో ఫ్రేము వెడల్పు మూడు మీటర్లు, పక్షి పొడవు అరవై సెంటీమీటర్ల చిల్లర, ఫ్రేములో అయిదో వంతే ఆక్రమిస్తుంది. ఫ్రేములో సగం వెడల్పుకు క్రాప్ చేస్తే 24 మెగాపిక్సెల్ ఫొటోలో 6, 12 మెగాపిక్సెల్ ఫొటోలో 3 మిగులుతాయి. 12 అంగుళాల ప్రింట్ వేస్తే మొదటిదాంట్లో ఒక్కో పిక్సెల్ 0.1 మిల్లీమీటర్లు, రెండోదాంట్లో 0.14. ఇక్కడ కొత్త కెమెరాకు నిజంగా కొంచెం మొగ్గు ఉంది. అయితే క్రాప్ పిక్సెల్‌తో పాటు మసకనూ పెద్దది చేస్తుంది. ప్యానింగ్ కుదిరినప్పుడు 7.5 మైక్రాన్ల గీత ఈ ప్రింట్‌లో 0.2 మిల్లీమీటర్లే, కుదరనప్పుడు 75 మైక్రాన్లది దాదాపు 2 మిల్లీమీటర్లు. క్రాప్ చేసే అలవాటున్నవాళ్ళకే షట్టర్ స్పీడ్ ఎక్కువ కావాలి.

ఇంకోచోటు మన ఊరి పట్టు చీర. బరంపురం పట్టు నేత చాలా సన్నం, దారాల వరస పిక్సెళ్ళ వరసకు దగ్గరగా వచ్చినప్పుడు ఫొటోలో చీర మీద లేని అలల గీతలు, ఇంద్రధనుస్సు రంగులు తేలతాయి. దీన్నే మోయిరే అంటారు. తమాషా ఏమిటంటే ఇది లెన్స్ బాగా షార్ప్‌గా ఉన్నప్పుడే వస్తుంది, దారం వివరం సెన్సర్ దాకా చేరుతోంది గానీ దాన్ని పట్టుకోవడానికి పిక్సెళ్ళు చాలడం లేదని అర్థం. షాపుల కోసం చీరలు తీసేవాళ్ళకు 12 కన్నా 24, 24 కన్నా 45 మెగాపిక్సెల్ నిజంగా పనికొస్తుంది. చేతిలో ఉన్నది 12 మెగాపిక్సెలే అయితే ఒక అడుగు ముందుకో వెనక్కో జరిగినా, కెమెరాను కొంచెం వాలుగా పట్టినా ఆ అలలు చాలావరకు పోతాయి.

మరి ఒక ఫొటో మసకగా వచ్చినప్పుడు కారణం ఏదో ఎలా పోల్చాలి? కంప్యూటర్‌లో నూరు శాతం జూమ్‌లో పెట్టి ముందు మెరిసే చుక్కల్ని వెతకండి, నీటి మీద తళుకు, కంట్లో తళుకు. చుక్కలన్నీ ఒకే దిక్కుకు గీతల్లా సాగితే చెయ్యో పడవో కదిలింది. పక్షి మీద చుక్కలు సాగి, వెనకున్న రాయి మీద సాగకపోతే కదిలింది పక్షి. చుక్కలు గుండ్రంగా ఉబ్బి, ఫ్రేములో ఇంకెక్కడో గడ్డి మాత్రం చురుగ్గా ఉంటే ఫోకస్ తప్పింది. ఫ్రేము అంతా ఒకే తీరుగా మెత్తగా ఉండి, ఎపర్చర్ f/16 దాటి f/22 వైపు ఉంటే అది డిఫ్రాక్షన్. మూలలు మాత్రమే చెదిరితే లెన్స్ స్వభావం. ఈకలు నీళ్ళ రంగులతో పులిమినట్టుంటే ఐఎస్ఓ బాగా పెరిగి కెమెరా నాయిస్ తుడిచేసిందని. పక్షి అంచులు అలలు అలలుగా, వరసగా తీసిన ఫొటోల్లో ఒక్కోదాంట్లో ఒక్కో తీరుగా వంకర పోతే అది గాలి. నీటికీ గాలికీ వేడిలో తేడా ఉన్నప్పుడు చిలికా మీద ఇది పొద్దునే కూడా కనిపిస్తుంది, ఎండెక్కితే ఇసుక మీద మరీ ఎక్కువ. దానికి లెన్స్ మార్చి లాభం లేదు, దగ్గరికి వెళ్ళడమో వేరే వేళ చూసుకోవడమో ఒక్కటే దారి. ఏ మసకా సరిగ్గా కనిపించకుండా మొత్తం తెల్లబారినట్టుంటే ముందు లెన్స్ గ్లాసు వెలుగుకు పెట్టి చూడండి. సముద్రం దగ్గర తీసినవాళ్ళ ఫిల్టర్ మీద ఉప్పు పొర, బీరువాలో పెట్టి మరిచిపోయిన లెన్స్‌లో సాలెగూడు లాంటి బూజు, మన తేమకు రెండూ మామూలే.

క్లబ్బులో ఈ విషయం మీద వాదన వచ్చినప్పుడు అరగంట పరీక్ష ఒకటి పెట్టుకోవచ్చు. ఒడియా పేపరో తెలుగు పేపరో ఒక పూర్తి పేజీ గోడకు చదునుగా అంటించి, ఎదురుగా ట్రైపాడ్ వేసి, ఫ్రేము నిండేలా పెట్టి, 2 సెకన్ల టైమర్‌తో f/4 నుంచి f/22 దాకా ఒక్కోటి తీయండి. లెన్స్‌లో స్టెబిలైజర్ ఉంటే ఆపేయండి, ఐఎస్ఓ 100 లోనే ఉంచండి. తర్వాత అదే f/8 ట్రైపాడ్ లేకుండా చేత్తో పట్టుకుని, వెలుగుకు తగ్గట్టు ఐఎస్ఓ మార్చుకుంటూ, సెకనులో ముప్పయ్యో వంతుకు ఒకటి, అయిదువందలో వంతుకు ఒకటి తీయండి. ఇవన్నీ 12 మెగాపిక్సెల్ కెమెరాతో ఒకసారి, 24 తో ఒకసారి చేసి, పేర్లు దాచి, ఒకే సైజు ప్రింట్లు వేసి బల్ల మీద కలిపేయండి. చిన్న అక్షరాలు ఏ ప్రింట్‌లో చదవగలుగుతున్నారో ఒక్కొక్కరూ వరస పెట్టాలి. ప్రింట్ల వెనక పెన్సిల్‌తో రాసిన f సంఖ్య, షట్టర్ స్పీడ్, మెగాపిక్సెల్ ఆఖర్న తిప్పి చూసుకోవాలి.